క్రియాటిన్ వేసుకున్నా ఏమీ తెలియట్లేదా? కాఫీతో పోల్చి చూడండి

మా పిన్ని కొడుకు ఈమధ్యే జిమ్‌లో చేరాడు. కండల బలం కోసం వేసుకునే క్రియాటిన్ పొడి డబ్బా కొన్న మూడో రోజే ఫోన్ చేశాడు. "అన్నా, స్కూప్ వేసుకుని అరగంట ఆగి మరీ వెళ్తున్నా, ఏమీ తెలియట్లేదు, డూప్లికేట్ అంటగట్టారంటావా?" అని. వాడికి కాఫీ బాగా అలవాటు. తాగిన కాసేపటికే ఒళ్లు హుషారెక్కుతుంది కాబట్టి, ఇదీ అంతే అనుకున్నాడు.

కెఫిన్ పని మెదడులో. ఒంట్లో అలసట పేరుకుందని మెదడుకు చెప్పే అడినోసిన్ అనే పదార్థం ఒకటుంది, అది కూర్చోవాల్సిన కుర్చీలో కెఫిన్ ముందే వెళ్లి కూర్చుంటుంది. అలసట పోదు, మనకి తెలియదు, అంతే. అరగంట నుంచి గంటలోపు బాగా పట్టుకుంటుంది, సుమారు 5 గంటలకు సగం దిగిపోతుంది. సాయంత్రం 6కి తాగిన కాఫీలో సగం కెఫిన్ రాత్రి 11కి కూడా ఒంట్లోనే ఉంటుందన్నమాట.

క్రియాటిన్ పని కండలో, అదీ నిల్వ పెరిగాకే. డాబా మీద ట్యాంకు అనుకోండి. 70 కిలోల మనిషి ఒంట్లో మామూలుగానే సుమారు 120 గ్రాముల క్రియాటిన్ ఉంటుంది, ఇంకో 20-30 గ్రాములకు చోటుంటుంది. రోజుకి 2 గ్రాముల దాకా క్రియాటినిన్ అనే వ్యర్థంగా మారి మూత్రంలో పోతుంది, ఆ పోయినదాంట్లో ఒక గ్రాము దాకా ఒళ్లే మళ్లీ తయారుచేసుకుంటుంది, మిగతాది మాంసం, చేపల నుంచి రావాలి. మీరు రోజూ 3 గ్రాములు వేసుకుంటే ఈ పోయేది పోగా మిగిలిందే ట్యాంకులోకి చేరుతుంది, పైగా నిండేకొద్దీ కండ తీసుకోవడం తగ్గిస్తుంది. అందుకే నిండటానికి 3-4 వారాలు. ఈ రోజు వేసుకున్న స్కూప్ ఈ రోజు వర్కౌట్‌కి దాదాపు ఏమీ చేయదు కాబట్టి, జిమ్‌కి ముందా తర్వాతా అనే టెన్షన్ కూడా అక్కర్లేదు. జిమ్‌కి వెళ్లని రోజు మాత్రం మానేయకండి.

మరి తొందరగా నింపే దారి లేదా అంటే, ఉంది. లోడింగ్ అంటారు: రోజుకి 20 గ్రాములు, 5 గ్రాముల చొప్పున నాలుగుసార్లు, 5-7 రోజులు. తర్వాత రోజుకి 3-5 గ్రాములు. నెలాఖరుకి రెండు దారులూ దాదాపు ఒకే చోటికి చేరతాయి. కానీ లోడింగ్‌లో కడుపు ఉబ్బరం, విరేచనాలు వచ్చే అవకాశం ఎక్కువ (ముఖ్యంగా పది గ్రాములు ఒక్కసారే గుటుక్కున మింగేవాళ్లకి), వారంలోనే కిలో, కిలోన్నర బరువు పెరగచ్చు కూడా. అది కొవ్వు కాదు, కండలోకి చేరిన నీరు. పది రోజుల్లో పోటీ ఉంటే లోడింగ్ చేయండి. లేకపోతే నా ఓటు నెమ్మది దారికే.

మా వాడికి నెమ్మది దారే చెప్పాను, 3 గ్రాములు. బెంచ్ ప్రెస్‌లో 50 కిలోలతో మూడు సెట్లు చేస్తాడు, వరసగా 8, 6, 5 రెప్పులు. చూడాల్సింది మొదటి సెట్ కాదు, మూడోది. ఎందుకంటే క్రియాటిన్ సాయం చేసేది కొన్ని సెకన్లపాటు గట్టిగా బలం పెట్టే పనికి, మధ్యలో రెండు నిమిషాలు ఆగినప్పుడు ఆ శక్తి మళ్లీ నిండటానికి. అదే బరువు, అంతే విశ్రాంతి పెట్టుకుని నోట్‌బుక్‌లో రాయమన్నాను. మొదటి రెండు వారాలు అవే అంకెలు, రోజూ అదే గొణుగుడు. నాలుగో వారంలో 8, 7, 6 వచ్చింది. అరకిలో బరువు పెరిగాడు. "అయినా ఒంట్లో ఏం తేడా తెలియట్లేదన్నా" అన్నాడు! తెలియదురా, కాగితం మీదే తెలుస్తుంది. ఆ రెండు రెప్పుల్లో కొంత వాడి ప్రాక్టీసుది కూడా, కొత్తగా చేరినవాడు కదా.

అందరికీ ఇంతే వస్తుందని కాదు. శాకాహారులకి ట్యాంకులో మొదట్నుంచీ తక్కువే ఉంటుంది కాబట్టి తేడా ఎక్కువ కనపడచ్చు, మాంసం బాగా తినేవాళ్లలో కొందరికి అసలు కనపడకపోవచ్చు. ఇక ప్రీ-వర్కౌట్ పొడి తాగి "క్రియాటిన్ భలే ఎక్కింది" అనేవాళ్లున్నారు చూశారా, ఆ ఎక్కింది కెఫిన్, ముఖం మీద చిమచిమ అదే పొడిలో కలిపే బీటా అలనిన్‌ది.

కాబట్టి ఈ సాయంత్రం ఆటకి హుషారు కావాలంటే కాఫీ. రెండు నెలల తర్వాత ఎక్కువ బరువు ఎత్తాలంటే క్రియాటిన్, అదీ మోనోహైడ్రేట్ అనే మామూలు రకం చాలు. ఈ నెలలో రక్తపరీక్ష ఉంటే మాత్రం ఇది వాడుతున్నట్టు డాక్టర్‌కి చెప్పండి, కిడ్నీలు బాగున్నా రిపోర్ట్‌లో క్రియాటినిన్ కాస్త ఎక్కువ చూపించచ్చు. కిడ్నీ సమస్య ముందే ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా డబ్బా మూత తీయకండి.