తెల్లవారితే ఆదివారం: మా పెళ్లిళ్ల వెబ్‌సైటుతో రెండేళ్లు

చెన్నై వడపళనిలో నేనూ మా అక్కా కలిసి పెళ్లి ఏర్పాట్లు చేస్తాం. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగానికి పైగా ఇక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లు, మిగతావాళ్లు తమిళులు. రెండేళ్ల కిందట మాకంటూ ఒక వెబ్‌సైటు చేయించుకున్నాం. అందులో మేం చేసిన పెళ్లిళ్ల ఫోటోలు, మూడు ప్యాకేజీల వివరాలు, ఫలానా తేదీకి మేం దొరుకుతామో లేదో కనుక్కునే ఫారం ఉన్నాయి. ఖర్చులో ఎక్కువ భాగం ఫోటోల పేజీకే అయింది. కానీ ఈ రెండేళ్లలో మమ్మల్ని ఇబ్బంది పెట్టిందీ, సరిచేసుకున్నాక ఆదుకున్నదీ ఆ ఫారమే.

మొదట్లో ఫారంలో 'పెళ్లి తేదీ' అని ఒకటే గడి ఉండేది. తేదీ నొక్కగానే సైటు మా క్యాలెండర్ చూసి 'ఖాళీగా ఉంది' అనో 'బుక్ అయింది' అనో చెప్పేది. చూడ్డానికి బాగానే ఉంది. అసలు చిక్కు 'పెళ్లి తేదీ' అనే మాటలోనే ఉందని మొదటి సీజన్‌లో తెలిసింది.

ఒక తమిళ కుటుంబం 23వ తేదీ ఆదివారానికి మమ్మల్ని మాట్లాడుకుంది. ముహూర్తం ఆదివారం ఉదయం ఏడున్నరకి. వాళ్ల పద్ధతిలో రిసెప్షన్ ముందు రోజు సాయంత్రమే అయిపోతుంది, కాబట్టి మండపం శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా తీసుకున్నారు. మా క్యాలెండర్‌లో మాత్రం 23 ఒక్కటే మూసుకుంది. తర్వాత వారం ఒక తెలుగు కుటుంబం సైటు చూసింది. వాళ్ల లగ్నపత్రికలో '22వ తేదీ శనివారం రాత్రి 1 గంట 12 నిమిషాలకు, తెల్లవారితే ఆదివారం' అని ఉంది. మన లెక్కలో సూర్యోదయం అయితేనే కదా రోజు మారేది! వాళ్లు పత్రికలో ఉన్నట్టే 22 నొక్కారు. సైటు 'ఖాళీగా ఉంది' అంది.

రెండు పెళ్లిళ్లూ ఒకే రాత్రి. అక్కడ ఆరింటికి రిసెప్షన్ మొదలయ్యే వేళకి ఇక్కడ ఎదురుకోలు. పూలవాళ్లు, లైట్లవాళ్లు, మా ఇద్దరు సూపర్‌వైజర్లు, అంతా ఒకే జట్టు. విషయం బయటపడేసరికి పెళ్లికూతురి నాన్నగారు హాలుకి డబ్బు కట్టేశారు. "మీ సైట్‌లోనే కదమ్మా ఖాళీ అని ఉంది, అది చూసే అడ్వాన్స్ ఇచ్చాం" అన్నారాయన. ఆయన తప్పేమీ లేదు. తెలిసిన ఇంకో డెకరేటర్‌ని మా ఖర్చుతో పెట్టి, అక్క అక్కడా నేనిక్కడా నిలబడి గట్టెక్కించాం. ఆ రాత్రి టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

ఆ తర్వాత సైటు చేసినవాళ్లని కూర్చోబెట్టి ఫారం మార్పించాం. ఇప్పుడు ఒక తేదీకి బదులు మూడు అడుగుతుంది: మొదటి కార్యక్రమం ఎప్పుడు, ముహూర్తం ఎప్పుడు, హాలు ఎప్పుడు ఖాళీ చేయాలి. మూడింటికీ తేదీతో పాటు సమయం కూడా ఇవ్వాలి. స్టేజీ కట్టడానికి ముందు ఆరు గంటలు, విప్పడానికి తర్వాత నాలుగు గంటలు సైటే కలుపుకుంటుంది. అంటే ప్రతి పెళ్లీ క్యాలెండర్‌లో ఒక రోజుగా కాక, ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా అన్నట్టు ఉంటుంది. రెండు పెళ్లిళ్లు తగులుకుంటాయా అన్నది ఒక్క వరుసలో తేలిపోతుంది:

```
old_start < new_end AND new_start < old_end
```

పాతది కొత్తది ముగిసేలోపే మొదలై, కొత్తది కూడా పాతది ముగిసేలోపే మొదలైతే రెండూ తగులుకున్నట్టే. పైన చెప్పిన రెండు పెళ్లిళ్లనీ ఇందులో పెట్టి చూశాం. వెంటనే పట్టుకుంది.

అర్ధరాత్రి ముహూర్తాల కోసం ఇంకొకటి అడిగి పెట్టించాను. రాత్రి 12 నుంచి సూర్యోదయం లోపు సమయం ఇస్తే, పంపే ముందు తెర మీద 'శనివారం రాత్రి 1:12, అంటే 23 ఆదివారం తెల్లవారుజాము. సరేనా?' అని అడుగుతుంది. పత్రికలో మాటా క్యాలెండర్‌లో మాటా పక్కపక్కనే కనిపిస్తాయి కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు కూడా చూసి సరే అనగలుగుతున్నారు. నెల పేరు అంకెల్లో కాకుండా అక్షరాల్లో వచ్చేలా కూడా చేయించాం. కొందరి ఫోన్లలో నెల ముందు, తేదీ తర్వాత కనిపిస్తుంది. 03/04 అంటే మార్చి నాలుగో ఏప్రిల్ మూడో తేల్చుకోలేక ఫోన్ చేసి అడగాల్సి వచ్చేది.

ఇంత చేశాక కూడా ఒక తప్పు నెల రోజులు దాగి ఉంది. సర్వర్ సమయాలన్నీ గ్రీన్‌విచ్ లెక్కలో దాచుకుంటుంది. మనకంటే ఐదున్నర గంటలు వెనక. మాకు వచ్చే మెయిల్‌లో ఆ లెక్క ప్రకారమే తేదీ పడేది. 23 తెల్లవారుజాము 1:12 కాస్తా 22 అయ్యేది. లగ్నపత్రికలోనూ 22 అనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఒక తమిళ కుటుంబం తెల్లవారుజామున 4:40 ముహూర్తానికి అడిగినప్పుడు, వాళ్లు ఫోన్‌లో చెప్పిన తేదీకీ మెయిల్‌లో తేదీకీ ఒక రోజు తేడా వచ్చింది. అప్పుడు పాతవన్నీ తీసి చూస్తే, ఐదున్నర లోపు సమయాలు ఉన్నవన్నీ ఒక రోజు వెనక్కి జరిగాయి, ఆ తర్వాతవి సరిగానే ఉన్నాయి. మీ ఫారం సంగతి తెలుసుకోవాలంటే తెల్లవారుజాము 5:15కి ఒకటి, 5:45కి ఒకటి పంపి చూడండి.

'ఖాళీగా ఉంది' అన్న మాటనీ తీసేయించాను. దాన్ని జనం 'మీకు ఖాయం' అని చదువుకుంటున్నారు. ఇప్పుడు 'ఆ సమయానికి మాకు వేరే పని లేదు. అడ్వాన్స్ అందాకే తేదీ మీ పేర రాస్తాం' అని వస్తుంది.

క్యాలెండర్‌లో ఆడి నెల మొత్తం సెలవుగా పెట్టి ఇచ్చారు, చెన్నై అలవాటు ప్రకారం. జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా తమిళులు పెళ్లిళ్లు చేయరు. కానీ మన శ్రావణం కొంత అందులోనే పడుతుంది, అప్పుడు తెలుగు పెళ్లిళ్లకి ఇక్కడ మండపాలు తేలిగ్గా దొరుకుతాయి. మొదటి ఏడాది ఆ ఎంక్వైరీలు పోగొట్టుకున్నాం. ఇప్పుడు ఆ తాళం తీసేశాం.

ఫోటోల పేజీ అందంగా ఉంది, ఫోన్‌లో త్వరగా తెరుచుకుంటుంది. మొదట్లో మండపాలన్నీ ఒకచోట, భోజనాలన్నీ ఒకచోట పెట్టాం. ఇప్పుడు ఒక్కో పెళ్లి ఫోటోలూ విడివిడిగా పెట్టి, కింద స్టేజీ వెడల్పు, హాలు ఎత్తు, వచ్చిన అతిథుల సంఖ్య రాస్తున్నాం. 40 అడుగుల స్టేజీ మీద తీసిన పూల పందిరి చూసి, 18 అడుగుల స్టేజీ ఉన్న హాల్లో అదే కావాలని అడిగేవాళ్లు ఆ వరస చదివి ఆగుతున్నారు.

ప్యాకేజీల పేజీ మాత్రం నాకు ఇంకా నచ్చలేదు. పూల ధర ముహూర్తాల రోజున కోయంబేడులో ఎంతకి పోతుందో ముందు చెప్పలేం, అందుకే పూలు విడిగా అని రాశాం. అది సన్నటి అక్షరాల్లో అడుగున ఉండిపోయింది. జీఎస్టీ మాట కూడా అక్కడే. రెండూ ధర పక్కనే రావాలని అడిగాను, ఈ మాఘం లోపు మార్చి ఇస్తామన్నారు.