కాంటాక్ట్స్ సింక్: ఏళ్ల తరబడి వాడాక హ్యాష్ నంబర్ల మీద నా సమీక్ష

నేను నెల్లూరులో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెప్తాను. వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్ మూడూ ఏళ్లుగా నా ఫోన్‌లో ఉన్నాయి. ఈ సమీక్ష ఆ యాప్‌లు మొత్తం ఎలా ఉన్నాయని చెప్పడానికి కాదు. మన కాంటాక్ట్స్‌లో ఎవరెవరు ఆ యాప్‌లో ఉన్నారో కనిపెట్టి చూపించే ఒక్క ఫీచర్ గురించే. దీని మీద ఇంత పట్టుదల ఎందుకంటే, నా ఫోన్‌లో ఉన్న నంబర్లలో సగానికి పైగా విద్యార్థుల తల్లిదండ్రులవి. పిల్లాడు క్లాసుకు రాకపోతే ఫోన్ చేస్తానని నమ్మి ఇచ్చిన నంబర్లు అవి. వాటిని ఎవరికి పంపాలో తేల్చే హక్కు నాకు ఉందని నేననుకోను.

ముందు మంచి చెప్తాను. వాడకంలో ఈ ఫీచర్ నిజంగా బాగా పనిచేస్తుంది. యాప్ మన కాంటాక్ట్స్‌ని చదివి, ఒక్కో నంబర్‌నీ దేశం కోడ్‌తో సహా ఒకే పద్ధతిలోకి మార్చి, సర్వర్‌లో ఉన్న ఖాతాల జాబితాతో పోలుస్తుంది. ముందు సున్నా పెట్టి సేవ్ చేసినా, మధ్యలో ఖాళీలు ఉన్నా, యాప్ వాటిని +91తో మొదలయ్యే రూపంలోకి తెచ్చుకుంటుంది. ఈ మార్పు సరిగ్గా జరగకపోతే పోలిక కుదరదు. కువైట్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు అక్కడి నంబర్‌తో ఖాతా తెరిచినప్పుడు, ఊళ్లోవాళ్లు సగం మంది వాడికి కనిపించలేదు. వాడి ఫోన్‌లో మన నంబర్లన్నీ ఉత్త పది అంకెలుగా ఉన్నాయి, యాప్ వాటిని కువైట్ నంబర్లనుకుని ముందు +965 తగిలించింది. +91 పెట్టి మళ్లీ సేవ్ చేయగానే అందరూ వచ్చేశారు. మీకూ ఎవరైనా ఉండీ కనిపించకపోతే ముందు చూడాల్సింది ఇదే.

ఇక అసలు విషయం. అంతగా పేరులేని ఒక చాట్ యాప్‌ని మా కాలేజీలో కొన్నాళ్లు వాడారు. అందులో పర్మిషన్ అడిగే చోట, మీ కాంటాక్ట్స్ నంబర్లు మాకు తెలియవు, హ్యాష్ చేసి మాత్రమే పంపుతాం అని రాసి ఉండేది. చదివిన వాళ్లందరికీ ధైర్యం వచ్చింది. హ్యాష్ అంటే నంబర్‌ని ఒక లెక్కతో గుర్తుపట్టలేని అక్షరాల వరసగా మార్చడం, రుబ్బిన పిండి లాంటిది, దాన్నుంచి బియ్యపు గింజల్ని తిరిగి తీయలేం, నిజమే. కానీ ఊళ్లో ఉన్న గింజలన్నీ లెక్కపెట్టగలిగినన్నే అయితే? ఒక్కోటీ రుబ్బి చూసి, ఏ పిండి ఏ గింజదో పట్టిక రాసుకోవచ్చు. ఫోన్ నంబర్ల విషయంలో జరిగేది అదే.

భారతదేశంలో మొబైల్ నంబర్‌కి పది అంకెలు, మొదటి అంకె 6 నుంచి 9 వరకు ఏదో ఒకటి. అంటే మొత్తం సాధ్యమయ్యే నంబర్లు 400 కోట్లు, అంతే. వినడానికి పెద్దదే కానీ కంప్యూటర్‌కి చాలా చిన్న సంఖ్య. ల్యాబ్‌లో ఒక కుర్రాణ్ని తన నంబర్ ఎవరికీ చెప్పకుండా, ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో దాని హ్యాష్ మాత్రం చీటీ మీద రాసి ఇమ్మన్నాను. 64 అక్షరాలు, చూడ్డానికి అర్థం పర్థం లేని వరస. దాన్ని ఇందులో పెట్టి నడిపాం:

```python
import hashlib
target = "చీటీ మీది హ్యాష్"
for n in range(6_000_000_000, 10_000_000_000):
    s = "+91" + str(n)
    if hashlib.sha256(s.encode()).hexdigest() == target:
        print(s)
        break
```

పైథాన్ నిదానంగా నడిచే భాష. అయినా మామూలు కంప్యూటర్‌లో సెకనుకు పది లక్షల దగ్గర దగ్గర చూస్తుంది కాబట్టి, 400 కోట్లు మొత్తం తిప్పినా గంటా గంటన్నర పని. ల్యాబ్ పీరియడ్ అయిపోకముందే వాడి నంబర్ స్క్రీన్ మీద పడింది. "సార్, నేను ఎవరికీ చెప్పలేదు సార్" అన్నాడు వాడు. గేమ్‌లు ఆడే మంచి గ్రాఫిక్స్ కార్డు అయితే సెకనుకు వందల కోట్ల హ్యాష్‌లు చేస్తుంది, అంటే దేశంలోని నంబర్లన్నీ కలిపి కొన్ని సెకన్ల పని. పైగా ఇది ఒక్కసారి చేసి పట్టిక దాచుకుంటే చాలు, తర్వాత ఎన్ని కోట్ల హ్యాష్‌లు వచ్చినా వెతుక్కోవడమే. కాబట్టి సర్వర్ ఉన్నవాడికి హ్యాష్ పంపడమూ నంబర్ పంపడమూ దాదాపు ఒకటే.

క్లాసులో వెంటనే వచ్చిన ప్రశ్న: పాస్‌వర్డ్‌లకి వేసినట్టు సాల్ట్, అంటే హ్యాష్ చేసేముందు కలిపే అదనపు అక్షరాలు, వేయొచ్చు కదా? పాస్‌వర్డ్‌కి ఒక్కో మనిషికి ఒక్కో సాల్ట్ ఉంటుంది, ఒకరిదాన్ని మరొకరిదాంతో పోల్చే పని ఉండదు. ఇక్కడ పోల్చడమే పని. నా ఫోన్‌లో మీ నంబర్‌కి వచ్చే హ్యాష్, సర్వర్‌లో మీ నంబర్‌కి ఉన్న హ్యాష్ ఒకటే కావాలి, అంటే సాల్ట్ కూడా అందరికీ ఒకటే కావాలి. అందరికీ తెలిసిన సాల్ట్‌తో పట్టిక మళ్లీ తయారుచేయడం ఎవరికీ కష్టం కాదు.

పోనీ కావాలనే నెమ్మదిగా నడిచే హ్యాష్ వాడితే? లెక్క వేసి చూద్దాం. ఒక్కో నంబర్‌కి సెకనులో పదో వంతు పట్టేలా పెడితే, 500 కాంటాక్ట్స్ ఉన్న ఫోన్‌కి 50 సెకన్లు పడుతుంది. అది భరించొచ్చు. అవతల 400 కోట్లు తిప్పేవాడికి 40 కోట్ల సెకన్లు, ఒక్క ప్రాసెసర్ మీద పన్నెండేళ్లకు పైన. బాగానే ఉంది అనిపిస్తుంది. కానీ క్లౌడ్‌లో వెయ్యి ప్రాసెసర్లు అద్దెకు తీసుకుంటే అయిదు రోజుల్లోపే అయిపోతుంది. మనకి బ్యాటరీ ఖర్చు, వాడికి కొంచెం డబ్బు ఖర్చు. ఆ యాప్‌లో ఇదీ లేదు, మామూలు హ్యాషే. తర్వాత దాన్ని అందరం తీసేశాం.

ఇందులో నాకు బాగా నచ్చింది సిగ్నల్ వాళ్ల నిజాయితీ. టెక్స్ట్‌సెక్యూర్ పేరుతో ఉన్న రోజుల్లో వాళ్లూ హ్యాష్‌ని కత్తిరించి పంపేవాళ్లు. 2014లోనే, దీనివల్ల నిజమైన రక్షణ లేదని వాళ్లే బహిరంగంగా రాశారు. 2017లో దారి మార్చి, ఇంటెల్ ప్రాసెసర్లలో ఉండే ఎస్‌జీఎక్స్ అనే మూసిన గది లాంటి భాగంలో పోలిక జరిగేలా పెట్టారు. ఆ గదిలో నడుస్తున్నది బయటపెట్టిన కోడేనా అని ఫోన్ ముందు సరిచూసుకుంటుంది. అప్పుడే నంబర్లని ఆ గదికి మాత్రమే తెరుచుకునేలా ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతుంది. అంతటితో కూడా సరిపోదు. లోపలి డేటా కనపడకపోయినా, ఆ గది మెమరీలో ఏ చోటుని తాకుతోందో సర్వర్ నడిపేవాళ్లు చూడగలరు, చోటుని బట్టి నంబర్ ఊహించగలరు. దాన్ని ఆపడానికి మొదట్లో ప్రతిసారీ జాబితా మొత్తం తిరగేసేవాళ్లు, 2022లో అంతకన్నా వేగంగా, తాకే చోట్లు ఏ నంబర్‌కైనా తేడా తెలియకుండా చేసే ఓరామ్ అనే పద్ధతికి వచ్చారు. ఇక్కడ మనం నమ్మాల్సింది ఇంటెల్ చిప్‌ని. 2018లో ఫోర్‌షాడో అనే దాడి ఎస్‌జీఎక్స్‌నే ఛేదించింది కాబట్టి ఇదీ తిరుగులేనిది కాదు. అయినా మూడింటిలో దీనికే నా ఓటు.

అయితే ఏ గదీ ఆపలేని సంగతి ఇంకొకటి ఉంది. ఫలానా నంబర్ యాప్‌లో ఉందా అని అడిగితే సర్వర్ జవాబు చెప్పాలి, ఆ ఫీచర్ ఉన్నదే అందుకు. నంబర్లు వరసగా రాసుకుని అన్నీ అడుగుతూ పోతే? వియన్నా యూనివర్సిటీ పరిశోధకులు 2025లో బయటపెట్టింది ఇదే. వాట్సాప్‌ని గంటకి పది కోట్లకు పైగా నంబర్ల చొప్పున అడిగి, 350 కోట్ల ఖాతాల జాబితా తయారుచేశారు. అన్ని దేశాలకన్నా ఎక్కువ ఖాతాలు మన దేశానివే. సగానికి పైగా ఖాతాల ప్రొఫైల్ ఫోటో కూడా అందరికీ తెరిచే ఉంది. తర్వాత కంపెనీ ఆ వేగానికి అడ్డుకట్ట వేసింది. హ్యాష్ ఎంత గట్టిదైనా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే అడిగేవాడి దగ్గర నంబర్ ముందే ఉంది.

పోలిక జరిగేది నంబర్‌తోనే, మనిషితో కాదు. ఇది నాకు కొత్త సిమ్ తీసుకున్నప్పుడు బాగా అర్థమైంది. కాలేజీ పనికోసం విడిగా ఒక సిమ్ తీసుకుని టెలిగ్రామ్‌లో ఖాతా తెరిచాను. కాసేపటికే "ఏం బావా, కువైట్ నుంచి ఎప్పుడొచ్చినావు?" అని ఎవరో మెసేజ్ పెట్టారు. మన దగ్గర వాడకం ఆగిన నంబర్‌ని 90 రోజుల తర్వాత ఇంకొకరికి ఇవ్వొచ్చు. పాత యజమాని నంబర్ ఎవరెవరి ఫోన్లలో ఉందో వాళ్లందరికీ, ఆయన పేరుతో నేను చేరినట్టు నోటిఫికేషన్ వెళ్లింది. ఆయన కుటుంబంలో నలుగురి పేర్లు, ఆయన గల్ఫ్‌లో ఉండి వచ్చిన సంగతి, అడక్కుండానే నాకు తెలిసిపోయాయి. నేను పెట్టిన ఫోటో వాళ్లకి వెళ్లిపోయింది.

యాప్ అసలు వాడని వాళ్ల మాటేమిటి? వాట్సాప్ అలాంటి వాళ్ల నంబర్లని కత్తిరించిన హ్యాష్‌గా దాస్తుంది, ఒక్కో హ్యాష్‌కి కనీసం 16 నంబర్లు సరిపోయేలా. వాళ్లు చేరగానే మనకి చూపించడానికి. 2021లో ఐర్లాండ్ డేటా రక్షణ కమిషన్ వాట్సాప్‌కి 22.5 కోట్ల యూరోల జరిమానా వేసిన తీర్పులో, ఇలా దాచినది కూడా వ్యక్తిగత సమాచారమే అని తేల్చారు. నాకు ఆ మాట సబబుగానే తోస్తుంది. ఆ పదహారులో నిజంగా వాడకంలో ఉన్నవెన్ని, అందులో నెల్లూరు వాళ్ల కాంటాక్ట్స్‌లో ఉండదగ్గవెన్ని అని చూస్తే, తరచుగా ఒకటో రెండో మిగులుతాయి.

ఇప్పుడు నేను వాడుతున్న తీరు ఇది. టెలిగ్రామ్‌లో Sync Contacts ఆపేసి, Delete Synced Contacts నొక్కాను. ఆపడం ఒక్కటే చాలదు, అంతకుముందు పంపినవి సర్వర్‌లో అలాగే ఉంటాయి. ఫోన్ నంబర్ ఎవరికీ కనపడకుండా Nobody పెట్టాకే దాని కింద, నంబర్‌తో నన్ను ఎవరు వెతకొచ్చు అనే రెండో ప్రశ్న కనిపిస్తుంది. అక్కడ My Contacts పెట్టాను. సిగ్నల్‌లో 2024 నుంచి యూజర్‌నేమ్ వచ్చింది కాబట్టి, నంబర్‌తో వెతికేదాన్ని పూర్తిగా మూసేశాను. వాట్సాప్‌లో ప్రొఫైల్ ఫోటో కాంటాక్ట్స్‌కి మాత్రమే. ఐఫోన్ ఉన్నవాళ్లకి ఐఓఎస్ 18 నుంచి, కాంటాక్ట్స్ మొత్తం కాకుండా ఎంచుకున్న కొందరినే యాప్‌కి చూపించే వీలుంది. తల్లిదండ్రుల నంబర్లని ఇప్పుడు కాంటాక్ట్స్‌లో పెట్టడం మానేసి, అడ్మిషన్ నంబర్ పక్కన విడి షీట్‌లో రాసుకుంటున్నాను. ఫోన్ చేయాలంటే షీట్ తెరిచి కొట్టుకోవాలి. కొంచెం ఇబ్బందే, అలవాటైపోయింది.