పసుపు కాగితమే మనకు మిగిలేది: నాలుగేళ్ల బిల్లు పుస్తకం

చిత్తూరులో మాది పైపులు, మోటారు సామాన్ల దుకాణం. నాలుగేళ్ల క్రితం కార్బన్ కాగితాలు మానేసి, కార్బన్ అక్కర్లేని మూడు కాగితాల బిల్లు పుస్తకాలు అచ్చు వేయించుకున్నాను. వేళ్లకు నీలం మరక అంటదు, కార్బన్ తిరగేసి పెట్టే పొరపాటు ఉండదు. మొదటి ఏడాది కనబడిన ప్రతి వ్యాపారికీ ఇవే కొనమని చెప్పాను. ఇప్పుడు ఆ మాట కొంచెం తగ్గించి చెబుతున్నాను.

తెల్లది కొన్నవారికి, గులాబీది సరుకు తీసుకెళ్లే వాహనానికి, పసుపుది మనకు. జీఎస్టీ నిబంధనల్లో సరుకుల బిల్లుకు ఉన్న వరుస ఇదే. నా బాధ కూడా ఇక్కడే. వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు మనం కాగితం దాచాలి. మన చేతికి వచ్చేదేమో అన్నిటికంటే అడుగున ఉన్న, అన్నిటికంటే పలచగా పడిన కాగితం.

ఒకసారి మా కుర్రాడు జెల్ పెన్నుతో బిల్లు రాశాడు. ఈ కాగితాల పూతలోని రంగు ఒత్తిడికి పగిలితేనే అక్షరం పడుతుంది. జెల్ పెన్నుకు ఒత్తిడి అక్కర్లేదు కనుక చెయ్యి తేలికగా సాగిపోతుంది. తెల్లదాని మీద అక్షరాలు నల్లగా మెరిశాయి, పసుపుదాని మీద నీడలా మిగిలాయి. అప్పు బిల్లు అది. పన్నుతో కలిపి ఒక్కోటి 240 రూపాయల చొప్పున 18 పైపులు పలమనేరు వైపు వెళ్లాయి. రాత్రి ఖాతాకు ఎక్కించేటప్పుడు 18 కాస్తా 13గా కనబడింది. మొత్తం అసలు చదవరాలేదు. కుర్రాడు 13ను 240తో హెచ్చించి 3,120 అని రాసేశాడు.

నాలుగు నెలల తర్వాత ఆ రైతు డబ్బు కట్టడానికి వచ్చాడు. నేను 3,120 అన్నాను. ఆయన చొక్కా జేబులోంచి నాలుగు మడతల తెల్ల కాగితం తీసి, "అన్నా, నా దాంట్లో 4,320 ఉంది, సరిగా చూడు" అన్నాడు. ఆయన మంచితనం వల్ల 1,200 రూపాయలు దక్కాయి. ఆ కాగితం పారేసి ఉంటే మా ఇద్దరికీ తెలిసేదే కాదు.

అప్పటి నుంచి పుస్తకానికి బాల్ పెన్ను దారంతో కట్టేశాను. మొత్తాన్ని అక్షరాల్లో కూడా రాస్తున్నాం. అంకె చెరిగినా "నాలుగు వేల మూడు వందల ఇరవై" అన్నది మూడు వేలుగా కనబడదు. తెల్లది చించే ముందు పసుపుదాన్ని ఎత్తి చూడటం అలవాటైంది. గట్టిగా నొక్కి రాస్తే ఇంకో చిక్కు: పసుపుదాని కింద అట్ట పెట్టడం మరిస్తే ఆ రాత తర్వాతి బిల్లు మీదా పడుతుంది. నిండిన పుస్తకాలను ఎండ తగిలే గోడ నుంచి బీరువాలోకి మార్చాను.

మళ్లీ ఇవే కొంటానా అంటే, కొంటాను. మాకు రోజుకు ముప్పై బిల్లులు, సగం సరుకు ఆటోల్లో బయటి ఊళ్లకు పోతుంది, గులాబీది లేనిదే కుదరదు. దాదాపు అంతా అప్పు మీదే నడిచే దుకాణమైతే మాత్రం, పాత కార్బన్ పుస్తకాన్ని అప్పుడే వదిలేయమని నేను చెప్పలేను.