బోరు వట్టిపోయిందా, ఫిల్టర్ పూడిందా? సెన్సార్ డ్రిప్‌తో మూడు యాసంగుల అనుభవం

మాది వర్ధన్నపేట దగ్గర మూడెకరాల ముప్పై గుంటలు. ఒకటే బోరు, ఐదు హెచ్‌పీ మోటారు. రెండెకరాల ఎర్ర చెల్కలో మిర్చి, కింది తగ్గులో ఎకరం నల్లరేగడిలో పసుపు, మిగతా ముప్పై గుంటల్లో కూరగాయలు వేస్తాం. లేటరల్ పైపుల మధ్య 1.2 మీటర్లు, డ్రిప్పర్ల మధ్య 40 సెంటీమీటర్లు, ఒక్కో డ్రిప్పర్ గంటకు రెండు లీటర్లు. ఈ లెక్కన ఎకరం తడవాలంటే గంటకు 17 వేల లీటర్ల దాకా కావాలి. మా బోరు శక్తి అంతే. అందుకని పొలాన్ని నాలుగు భాగాలు చేసి, నాలుగు సోలనాయిడ్ వాల్వులు, భాగానికి రెండు తేమ సెన్సార్లు, మోటారు రక్షణ ఉన్న కంట్రోలర్ పెట్టించాను. మూడు యాసంగులు వాడాక రాస్తున్నాను.

కలిసిన వాళ్లందరూ ముందు సెన్సార్ల గురించే అడుగుతారు. అవి పనికొస్తాయి. కానీ నన్ను అడిగితే ఈ సెట్టులో అసలు విలువ మోటారు రక్షణదే, అదీ సెట్టింగ్ మన పొలానికి తగ్గట్టు ఉంటేనే.

ముందు సెన్సార్ల సంగతి. మావి వేరు నీటిని లాగడానికి ఎంత కష్టపడుతోందో సెంటీబార్లలో చూపే రకం. అంకె పెరిగితే నేల ఆరుతున్నట్టు. ఒకటి 20 సెంటీమీటర్ల లోతున, ఇంకోటి 40 లోతున ఉన్నాయి. పైది తడి మొదలుపెట్టాలో లేదో చెబుతుంది. నీళ్లు వేరు దాటి కిందికి పోతున్నాయా అన్నది కిందిది చెబుతుంది. చెల్కలో 25 దాటగానే తడి మొదలయ్యేలా పెట్టాను, రేగడిలో 45 దాకా ఆగుతుంది. రెండింటికీ ఒకే అంకె పెడితే మిర్చి వాడుతుంది, లేదంటే పసుపు దుంప కుళ్లుతుంది. సెన్సార్‌ను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, అదే గుంత మట్టిని బురదగా కలిపి చుట్టూ పోసి పాతాలి. చుట్టూ గాలి సందు మిగిలితే నేల తడిగా ఉన్నా పొడి అనే చూపిస్తుంది.

సెన్సార్ చూసేది ఒక్క మొక్క మొదలునే, ఎకరం మొత్తాన్ని కాదు. దాని పక్కన లేటరల్‌ను ఎలుక కొరికితే అక్కడ ఎప్పుడూ తడే ఉంటుంది, మిగతా ఎకరం ఎండుతుంది. అదే డ్రిప్పర్ పూడుకుపోతే ఎంత పారించినా పొడి అనే అంటుంది. అందుకే భాగానికి రోజుకు గంటన్నర మించి పారకుండా పరిమితి పెట్టాను. వాన లేకుండా రెండు మూడు రోజులు అంకె పది లోపే ఉండిపోతే పైపుల వెంట నడిచి చూస్తాను. మట్టి చేత్తో పిసికి పదును చూడటం ఇప్పటికీ మానలేదు.

వాల్వుల క్రమం మొదటిరోజే సరిచేసుకోవాలి. ముందు వాల్వు తెరుచుకోవాలి, పది సెకన్ల తర్వాత మోటారు ఎక్కాలి. ఒక భాగం నుంచి ఇంకో భాగానికి మారేటప్పుడు రెండోది పూర్తిగా తెరుచుకున్నాకే మొదటిది మూసుకోవాలి. మేం 20 సెకన్లు రెండూ కలిసి తెరిచి ఉండేలా పెట్టాం. ఆఖర్న మోటారు ఆగాకే వాల్వు మూసుకోవాలి. ఈ వరుస తప్పితే అన్నీ మూసి ఉన్నా మోటారు తోస్తూనే ఉంటుంది, సబ్‌మెయిన్ జాయింట్లు ఊడతాయి. ఇంకో ముఖ్యమైన విషయం, కరెంటు పోయి వచ్చాక ఆగిన చోటు నుంచే మొదలుపెట్టే జ్ఞాపకం కంట్రోలర్‌కు ఉండాలి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఉన్నా మధ్యలో పోయి రావడం మామూలే. ప్రతిసారీ మొదటి భాగం నుంచే మొదలైతే అక్కడి మిర్చికి వేరుకుళ్లు వస్తుంది, నాలుగో భాగానికి నీళ్లే అందవు. కొనేముందు నడుస్తున్న కంట్రోలర్ స్విచ్ తీసి మళ్లీ వేయించి చూడండి.

ఇక మోటారు రక్షణ. బోరులో నీళ్లు అయిపోతే మోటారుకు పని తగ్గుతుంది, అది గుంజే ఆంప్స్ పడిపోతాయి. రిలే దాన్ని పసిగట్టి ఆపేస్తుంది. మా మోటారు ఎకరం భాగానికి పారేటప్పుడు 8 ఆంప్స్ గుంజుతుంది. బిగించిన అతను అందులో 80 శాతం లెక్కగట్టి 6.4 దగ్గర ఆగేలా పెట్టి వెళ్లాడు. చాలా చోట్ల ఇలాగే పెడతారు. అయితే ముప్పై గుంటల భాగానికి నీళ్లు తక్కువ పోతాయి కాబట్టి అక్కడ మామూలుగానే 7.4 ఉంటుంది. నీటి దారి ఎక్కడ బిగుసుకున్నా బోరు మోటారు ఆంప్స్ తగ్గుతాయన్న సంగతి చాలామందికి తెలియదు.

ఫిబ్రవరిలో ఒకసారి కూరగాయల భాగం వంతు రాగానే మోటారు ఆగిపోవడం మొదలైంది. ప్యానెల్ మీద నీళ్లు లేవన్న గుర్తు. మెకానిక్ వచ్చి, "అన్నా, బోరు వట్టిపోయింది, ఇంకో రెండు పైపులు దించుదాం" అన్నాడు. దించేముందు గేజ్‌లు చూశాం. మామూలుగా ఆ భాగం నడిచేటప్పుడు ఫిల్టర్‌కు ముందు రెండు కిలోలు, తర్వాత ఒకటిన్నర ఉంటుంది. ఆ రోజు ముందు నాలుగు, తర్వాత అర కిలో. బోరులో నీళ్లు లేకపోతే ఫిల్టర్ ముందు నాలుగు కిలోల ఒత్తిడి ఎలా వస్తుంది? ఫిల్టర్ విప్పితే జాలి నిండా నాచు, తుప్పు రంగు జిగురు. కడిగి పెట్టగానే మోటారు మామూలుగా నడిచింది. పైపుల ఖర్చు తప్పింది.

అదే మార్చిలో నిజంగానే నీళ్లు తగ్గాయి. అప్పుడు తీరు వేరు. రెండు గేజ్‌లూ కలిసి కిందికి పడ్డాయి, ఆంప్స్ ముల్లు ఊగుతూ ఊగుతూ ఐదు కిందికి దిగింది, పైపులో గాలి కొట్టిన చప్పుడు వచ్చింది. ఆంప్స్ తగ్గి ఒత్తిడి పెరిగితే దారిలో అడ్డం ఉన్నట్టు, రెండూ తగ్గితే బోరులో నీళ్లు లేనట్టు. రిలేకు ఈ తేడా తెలియదు, గేజ్ పక్కన నిలబడ్డ మనిషే చూడాలి. ఈ రెండు సందర్భాల అంకెలు చూసుకుని పరిమితిని 5.7కి మార్చాను. చిన్న భాగం మామూలు అంకెకు అది చాలా కింద, వట్టిగా తిరిగే అంకెకు పైన. ఐదు సెకన్ల ఆలస్యం కూడా ఉంది. మీ మోటారుకు ఈ అంకెలు సరిపోవు. మీ అన్నిటికన్నా చిన్న భాగం నడుస్తుండగా ఆంప్స్ రాసుకుని అక్కడి నుంచి లెక్కగట్టండి. ఓల్టేజీ పడినప్పుడు ఆంప్స్ మారతాయి కాబట్టి పగలోసారి, రాత్రోసారి చూడండి.

వేసవి తడులకు షెడ్యూలే మార్చాల్సి వచ్చింది. మార్చిలో బోరు 50 నిమిషాలు పోసి వట్టిపోతోంది, మళ్లీ ఊట రావడానికి ముప్పావుగంట పడుతోంది. అందుకని భాగానికి 40 నిమిషాలు పారించి, 45 నిమిషాలు మోటారు ఆపి, తర్వాతి భాగానికి వెళ్లేలా పెట్టాను. మా డ్రిప్ గంటకు నాలుగు మిల్లీమీటర్లు పోస్తుంది, అంటే 40 నిమిషాలకు 2.7 మిల్లీమీటర్లు. ఎండలు ముదిరాక మిర్చికి అది చాలదు కనుక సాయంత్రం ఇంకో వంతు నడుస్తుంది. అప్పటి నుంచి రిలే పడే దాకా వెళ్లడం దాదాపు లేదు. రోజూ రిలే ఆపితేనే ఆగే మోటారు ఎక్కువ కాలం మన్నదు.

బాగాలేనివి రెండున్నాయి. వాల్వు డయాఫ్రమ్ కింద చిన్న ఇసుక రేణువు చిక్కినా పూర్తిగా మూసుకోదు, ఆ సంగతి కంట్రోలర్ చెప్పదు. వంతు కాని భాగంలో డ్రిప్పర్లు కారుతున్నాయేమో మనమే చూసుకోవాలి. రెండోది, సెన్సార్ వైర్లు. దున్నేటప్పుడు తెగుతున్నాయి, జాయింట్లలో నీరు దిగితే అంకెలు పిచ్చిగా మారతాయి. వైరును పైపులో వేసి గట్టు వెంట తిప్పాక ఇది తగ్గింది.

వచ్చే యాసంగికి ఫిల్టర్ తర్వాత ఒక ఫ్లో మీటర్ పెట్టిస్తున్నాను. ఏ భాగానికి గంటకు ఎన్ని లీటర్లు పోతున్నాయో తెలిస్తే, మూసుకోని వాల్వు, ఎలుక కొరికిన పైపు రెండూ అంకె పెరగడంలోనే బయటపడతాయి.