ఇన్సులిన్ డోసు: క్యాలెండర్ చూసి మార్చాలా, మీటర్ చూసి మార్చాలా?

తిరుపతిలో మా ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్లు ఇద్దరు: చెల్లెలికి 30 ఏళ్లు, వదినకు 49.

క్యాలెండర్: చెల్లెలికి నెలసరి 28 రోజులకు తప్పదు. నెలసరికి ముందు వారంలో ప్రొజెస్టెరాన్ అనే హార్మోను పెరిగి ఇన్సులిన్ సరిగా పనిచేయదు. పరగడుపు షుగర్ 115 నుంచి 165కు పోతుంది. మూడు నెలల రీడింగులు చూసి డాక్టరు ఆ వారానికి మాత్రం రాత్రి డోసు 20 నుంచి 22 యూనిట్లు చేశారు. ఖర్చు ఒక నోటుబుక్కే. ప్రమాదమల్లా ముట్టు మొదలయ్యాక వస్తుంది. హార్మోను పడిపోతుంది కాబట్టి 20కి తగ్గాలి. తను ఒకసారి మరిచిపోయింది, తెల్లవారుజామున 62.

మీటర్: వదినకు ముట్లు ఆగే దశ. ఎప్పుడొస్తాయో తెలియదు, షుగరూ అంతే. స్ట్రిప్పుల ఖర్చు, అర్ధరాత్రి లేచి గుచ్చుకునే బాధ తప్పవు. కానీ మీటర్ చూడకుండా ఉన్నప్పుడు చెమట, గుండెదడ రాగానే లో షుగర్ అనుకుని చక్కెర నీళ్లు తాగేసేది. ఓ రాత్రి ముందే చూస్తే 190! అది ఈ వయసులో ఒంట్లోంచి వచ్చే వేడి ఆవిరి. 70 కంటే తక్కువుంటేనే చక్కెర తీసుకోవాలి.

నెలసరి లెక్క తప్పనివాళ్లకు క్యాలెండర్ నప్పుతుంది, లెక్క తప్పినవాళ్లకు మీటరే. డోసు మార్చేది మాత్రం డాక్టరుతో మాట్లాడాకే.