మూడుసార్లు ‘కొండ’ అనిపించుకున్న కొండ

ఇంగ్లండ్‌లో వూస్టర్‌షైర్‌కి మేం వెళ్లింది ఒక పేరు కోసం. బ్రెడన్ హిల్. ‘బ్రె’ అంటే అక్కడి పాత బ్రిటన్ల భాషలో కొండ. తర్వాత వచ్చిన ఆంగ్లో-సాక్సన్లకు అది మామూలు మాటని తెలియక, ఆ కొండ పేరే ‘బ్రె’ అనుకుని, తమ భాషలో కొండకున్న ‘దూన్’ తగిలించారు. కాలక్రమంలో ‘దూన్’ అర్థం కూడా మరుగున పడి, చివర ‘హిల్’ చేరింది. మన ‘మలయ పర్వతం’ కూడా ఇలాంటిదే. మల అన్నా కొండే కదా!

ఎల్మ్‌లీ కాజిల్ ఊరి వైపు నుంచి ఎక్కాం. ఎత్తు 299 మీటర్లే, కానీ వాన పడ్డాక చెట్ల కింద దారి బురద బురదగా ఉంది, మంచి బూట్లు తప్పనిసరి. పైన 18వ శతాబ్దపు రాతి బురుజు ఉంది. అక్కడ నిలబడితే కింద వంకర్లు తిరుగుతూ ఏవన్ నది, పడమట మాల్వర్న్ హిల్స్ కనిపించాయి. ఆ బ్రిటన్ల భాష నుంచే వచ్చిన వెల్ష్‌లో ‘అవొన్’ అంటే నది, కాబట్టి ‘రివర్ ఏవన్’ అంటే నది నది. మాల్వర్న్ అంటే ‘బోడి కొండ’, దానికీ వెనక హిల్స్ తగిలించారు. ఒక్కచోట నిలబడి ఇలాంటి పేర్లు మూడు చూడడం నాకు ఆ ప్రయాణంలో అన్నిటికన్నా నచ్చింది.

బస విషయంలో మాత్రం దెబ్బ తిన్నాం. ‘ఏవన్ ఒడ్డున’ అని చూసి మొదటి రాత్రికి గది తీసుకుంటే, అది బ్రాడ్‌ఫర్డ్-ఆన్-ఏవన్‌లో తేలింది. అది విల్ట్‌షైర్‌లో ఉంది, అక్కడ పారేది వేరే ఏవన్. నది అనే మాటే పేరైపోయినప్పుడు ఒకే పేరుతో చాలా నదులుంటాయి మరి. గది చిన్నదైనా శుభ్రంగా ఉంది, కానీ కొండకు చాలా దూరం. మర్నాడు పెర్షోర్‌కి మారాం. ఆ ఊరు మాకు కావలసిన ఏవన్ ఒడ్డునే ఉంది, కొండ కూడా దగ్గర. బ్రెడన్ కోసం వెళ్లేవాళ్లు అక్కడే దిగడం మేలు. గది తీసుకునే ముందు కౌంటీ పేరు, ఆ నది ఎక్కడ కలుస్తుందో చూసుకోండి. పెర్షోర్ ఏవన్ ట్యూక్స్‌బరీ దగ్గర సెవర్న్‌లో కలుస్తుంది.

ఇక్కడి ఇలాంటి కొండల పేర్లను ఎడమ నుంచి కుడికి చదివితే సాధారణంగా పాత భాష ముందు, కొత్తది చివర వస్తుంది. అయితే చివర ‘డన్’ అని వినబడగానే కొండ అనుకోకూడదు. లండన్ పాత రూపం లోండినియం, అందులో ‘దూన్’ లేదు. బ్రెడన్‌కైతే 8వ శతాబ్దపు దానపత్రాల్లో ‘బ్రెయొదున్’ అనే రూపం ఉంది. రెండు ముక్కలూ అందులో విడివిడిగా తెలుస్తాయి. ‘హిల్’ ఇంకా చేరలేదు.