8 శాతం ఫ్లాటా, 13.5 శాతం రెడ్యూసింగా: బండి లోనుకి ఏది మేలు?

పోయిన నెల మా తమ్ముడు స్కూటర్ కొనడానికి వెళ్ళి షోరూమ్ నుంచే ఫోన్ చేశాడు. "అక్కా, ఇక్కడ ఫైనాన్స్ వాళ్ళు 8 శాతమే అంటున్నారు. బ్యాంకులో 13.5 అన్నారు కదా. సంతకం పెట్టేయనా?" అని. "ఆగు. ఆ ఎనిమిది ఫ్లాటో రెడ్యూసింగో ముందు అడుగు" అన్నాను. పక్కనున్న అతని గొంతు నాకూ వినిపించింది: "ఫ్లాటే మేడం. కానీ ఈఎంఐలో పెద్ద తేడా ఏమీ ఉండదు."

అతను చెప్పింది నిజమే. అసలు ఆగి ఆలోచించాల్సింది అక్కడే. ఒకచోట 8, ఇంకోచోట 13.5 అయినప్పుడు ఈఎంఐలో పెద్ద తేడా ఎందుకు లేదు? ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతుంటారు కాబట్టి, తమ్ముడికి వేసి చూపించిన లెక్కనే ఇక్కడ పెడుతున్నాను. రెండుచోట్లా లోను లక్ష రూపాయలు, గడువు 36 నెలలు.

ఫ్లాట్ లెక్క నోటితోనే వేసేయొచ్చు. లక్షకి ఏడాదికి 8 వేలు, మూడేళ్ళకి 24 వేలు. మొత్తం 1,24,000ని 36తో భాగిస్తే నెలకి 3,444. రెడ్యూసింగ్‌లో, అంటే నెలనెలా మిగిలిన బాకీ మీదే వడ్డీ వేస్తే, 13.5 శాతానికి ఈఎంఐ 3,394 వస్తుంది, మూడేళ్ళలో వడ్డీ సుమారు 22,170. అంటే 8 శాతం అన్నవాళ్ళకే నెలకి 50 రూపాయలు ఎక్కువ కట్టాలి.

ఇది ఎందుకిలా అవుతుందో మన ఊళ్ళలో వడ్డీకి అప్పు తెచ్చుకునే వ్యవహారం తెలిసినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. నూటికి రూపాయి వడ్డీకి లక్ష తెచ్చుకుంటే నెలనెలా వెయ్యి కడతాం. అసలు మాత్రం లక్షకి లక్షా మన దగ్గరే ఉంటుంది, చివర్లో ఒకేసారి తీరుస్తాం. అక్కడ మొత్తం లక్ష మీద వడ్డీ కట్టడం న్యాయమే. ఈఎంఐ లోను అలా కాదు, మొదటి నెల నుంచే అసలు కొంచెం కొంచెంగా వెనక్కి ఇచ్చేస్తుంటాం. మూడేళ్ళ సగటు తీస్తే మన చేతిలో ఉండేది సగం లక్షకి కాస్త అటూఇటూ మాత్రమే. ఫ్లాట్ లెక్క మాత్రం మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా పూర్తి లక్ష మన దగ్గరే ఉన్నట్టు వడ్డీ వేస్తుంది.

ఆఖరి నెలని ఒక్కసారి దగ్గరగా చూడండి. 24 వేల వడ్డీని 36 నెలలకి సమానంగా పంచితే నెలకి 667. అసలుని అలాగే పంచితే నెలకి 2,778. అంటే 36వ నెలలో మీరు బాకీ ఉన్న అసలు 2,778 మాత్రమే, దాని మీద ఆ ఒక్క నెలకి కడుతున్న వడ్డీ 667. నూటికి నెలకి 24 రూపాయల వడ్డీ అన్నమాట! మొదటి నెలలో నిజంగానే 67 పైసల వడ్డీ. నెలలు గడిచేకొద్దీ అదే 667 మోయలేనంత బరువవుతుంది.

ఈ 8 శాతం ఫ్లాట్‌ని రెడ్యూసింగ్‌లోకి మారిస్తే సుమారు 14.5 శాతం. అంటే నూటికి రూపాయి ఇరవై పైసలు. నోటి లెక్కకి, మూడేళ్ళ లోను అయితే ఫ్లాట్ రేటుని 1.8తో గుణించండి, చాలా దగ్గరగా వస్తుంది. గడువు పెరిగితే ఈ గుణకం కొంచెం తగ్గుతుంది. అదే 8 శాతం ఐదేళ్ళకైతే 14.1 దగ్గర ఆగుతుంది.

ఇక్కడిదాకా వచ్చాక తమ్ముడు "అయితే బ్యాంకే మేలు" అన్నాడు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఫ్లాట్‌ని రెడ్యూసింగ్‌లోకి మార్చడం సగం పనే. రెండు ఆఫర్లని న్యాయంగా పోల్చాలంటే రేటు మాట పక్కన పెట్టి మూడు సంగతులు అడగాలి: నా చేతికి (లేదా నా తరఫున డీలర్‌కి) నికరంగా ఎంత వస్తుంది, నేను ఏ నెల ఎంత కడతాను, మధ్యలో తీర్చేస్తే ఎంత అడుగుతారు. అప్పు మొత్తం, గడువు రెండుచోట్లా ఒకటే ఉండాలి. 36 నెలల ఈఎంఐని 48 నెలల ఈఎంఐతో పక్కపక్కన పెడితే ఏమీ తేలదు.

తమ్ముడి విషయంలో బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు, డాక్యుమెంట్ ఛార్జీలు కలిపి 2,500 అడిగింది. షోరూమ్ ఫైనాన్స్ వాళ్ళు ఫీజు ఏమీ లేదన్నారు. అంటే బ్యాంకు నుంచి తమ్ముడికి నికరంగా వచ్చేది 97,500, కానీ ఈఎంఐ మాత్రం లక్షకే. ఎక్సెల్‌లోనో గూగుల్ షీట్‌లోనో ఈ రెండు వరుసలు వేసి చూడండి:

```
=RATE(36,-3444,100000)*12
=RATE(36,-3394,97500)*12
```

గడికి శాతం ఫార్మాట్ పెడితే మొదటిది సుమారు 14.5, రెండోది సుమారు 15.3 చూపిస్తుంది. మూడేళ్ళూ కట్టుకుంటూ పోతే షోరూమ్ వాళ్ళకి చేరేది 1,24,000, బ్యాంకుకి ఫీజుతో కలిపి 1,24,667. రేటు తక్కువ అనుకున్న బ్యాంకు లోనే ఇప్పుడు కాస్త ఖరీదైంది.

ఫీజుల్లో అందరూ మర్చిపోయేది అడ్వాన్స్ ఈఎంఐ. "మొదటి కిస్తీ ఇప్పుడే కట్టేయండి సార్, ఎలాగూ కట్టాల్సిందే కదా" అంటారు. ఎలాగూ కట్టాల్సిందే, నిజం. కానీ లోను తీసుకున్న రోజే 3,444 వెనక్కి ఇచ్చేస్తే చేతికి వచ్చింది 96,556 మాత్రమే. ఈ ఒక్క మార్పుతో 14.5 కాస్తా 15.4 దాటుతుంది. లోను మొత్తంలో కలిపేసే ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా ఇలాంటిదే. అది మీకు కావాలా వద్దా అన్నది వేరే సంగతి. పోల్చేటప్పుడు మాత్రం రెండుచోట్లా కలపండి, లేదా రెండుచోట్లా తీసేయండి.

ఈ లెక్క వేసుకోలేనివాళ్ళకి ఒక మంచి దారి ఉంది. 2024 అక్టోబర్ 1 నుంచి మంజూరయ్యే రిటైల్ లోన్లన్నిటికీ బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' అనే కాగితం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నియమం పెట్టింది. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది. వడ్డీతో పాటు ఫీజులు, వాళ్ళ ద్వారా వసూలు చేసే ఇన్సూరెన్స్ లాంటివి కూడా కలిపి ఏడాదికి ఎంత పడుతుందో చెప్పే శాతం అది. ఫ్లాట్ అని చెప్పినా రెడ్యూసింగ్ అని చెప్పినా ఏపీఆర్ లెక్క ఒకేలా వేస్తారు కాబట్టి రెండు కాగితాల మీదున్న ఆ అంకెల్ని నేరుగా పక్కపక్కన పెట్టొచ్చు. కాగితం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. అందులో రాసిన షరతులకి ఒప్పుకోవడానికి కనీసం మూడు పని దినాలు టైం ఇవ్వాలి. "ఈ ఆఫర్ ఈరోజు సాయంత్రం దాకానే" అని ఎవరైనా టెన్షన్ పెడితే ఈ మాట గుర్తుచేయండి. అందులో లేని ఛార్జీని మీ స్పష్టమైన అంగీకారం లేకుండా తర్వాత వేయడానికీ వీల్లేదు.

అయితే ఏపీఆర్‌లో చేరని ఖర్చు ఒకటుంది. నా దృష్టిలో నిర్ణయం తేలేది దానిమీదే. అది ముందుగా తీర్చేసే ఖర్చు, ఫోర్‌క్లోజర్. తీరుస్తామో లేదో ముందే తెలియదు కాబట్టి అది ఏపీఆర్‌లోకి రాదు, కాగితంలో విడిగా రాస్తారు. బండి లోన్లు మాత్రం చాలామంది మధ్యలోనే తీర్చేస్తారు. కొందరు డబ్బు చేతికొచ్చి, ఇంకొందరు బండి అమ్మేస్తూ.

తమ్ముడికి ఏడాదిన్నరలో చీటీ డబ్బు రావాలి, దాంతో లోను తీర్చేయాలని వాడి ఆలోచన. అందుకని 18 ఈఎంఐలు కట్టాక ఎంత బాకీ ఉంటుందని రెండుచోట్లా అడిగించాను. బ్యాంకు షెడ్యూల్‌లో 55,017 ఉంది. ఏడాది దాటాక తీరిస్తే ఛార్జీ లేదు. షోరూమ్ వాళ్ళని అడిగితే మొదట చెప్పిన మాట "మిగిలిన కిస్తీలు కట్టేస్తే చాలు" అని. మిగిలిన 18 కిస్తీలంటే 62,000! ముందు తీర్చినందుకు ఒక్క రూపాయి వడ్డీ కూడా తగ్గనట్టే. ఫ్లాట్ లోనులో అసలు భయం ఇదే. ఫ్లాట్ అని పేరు పెట్టుకున్నా చాలా సంస్థలు లోపల రెడ్యూసింగ్ షెడ్యూలే నడుపుతాయి. కానీ అది నోటిమాటగా కాకుండా నెలనెలా బాకీ చూపించే షెడ్యూల్ కాగితంగా చేతికి రావాలి. గట్టిగా అడిగితే ఇచ్చారు. 18వ నెల బాకీ సుమారు 55,400, దాని మీద 5 శాతం ఛార్జీ, ఆ ఛార్జీ మీద 18 శాతం జీఎస్టీ. అంటే ఇంకో 3,269.

ఇప్పుడు ఏడాదిన్నరకి మొత్తం లెక్క. షోరూమ్ ఫైనాన్స్‌లో కట్టిన కిస్తీలు 62,000, బాకీ 55,400, ఛార్జీ 3,269 కలిపి 1,20,669. బ్యాంకులో ఫీజు 2,500, కిస్తీలు సుమారు 61,084, బాకీ 55,017 కలిపి 1,18,601. మూడేళ్ళకైతే 667 ఎక్కువ పడే బ్యాంకు, ఏడాదిన్నరకి రెండు వేలకి పైగా తక్కువలో తేలింది.

కాబట్టి నా మొగ్గు రెడ్యూసింగ్ వైపే. రేటు తక్కువని కాదు, బాకీ ఏ నెలకి ఎంతో అందులో తేటగా కనబడుతుంది కాబట్టి. చివరిదాకా కడతానని ఖాయంగా తెలిసి, ఫీజులు లేకుండా ఏపీఆర్ తక్కువ ఉంటే ఫ్లాట్ లోను తీసుకోవడంలో తప్పేమీ లేదు. పర్సనల్ లోనుతో బండి కొనడం, మొదట్లో ఈఎంఐ తక్కువ పెట్టి చివర్లో పెద్ద మొత్తం అడిగే పథకాలు, 'జీరో వడ్డీ' ఆఫర్లు కూడా ఇదే జల్లెడలో పోసి చూడండి. జీరో వడ్డీ అన్నచోట, రొక్కంగా కొంటే ఇచ్చే డిస్కౌంట్ ఎంతో అడిగి దాన్ని ఫీజు కింద లెక్కేస్తే సరిపోతుంది.

తమ్ముడు బ్యాంకు లోనే తీసుకున్నాడు. షెడ్యూల్ ప్రింట్ తీయించి బండి కాగితాల ఫైల్లో పెట్టుకున్నాడు. 18వ నెల వరుసలో 55,017 దగ్గర పెన్సిల్‌తో గీత కూడా గీసుకున్నాడు.